కన్ఫర్మేషన్‌తో బ్యాక్‌ఫ్లష్ ఎలా పెట్టాలి, ఏ మెటీరియల్‌ను చేత్తోనే ఇష్యూ చేయాలి

"కన్ఫర్మేషన్ సరిగ్గానే ఇస్తున్నాం, అయినా నెలాఖరుకి స్టాక్ కలవడం లేదు, `COGI` చూస్తే పోస్ట్ కాకుండా ఆగిన లైన్లు వందలు, ఏం చేయాలి?" నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఇదే. మాటలు మారతాయి కానీ సమస్య మారదు. అన్ని కాంపొనెంట్లకీ బ్యాక్‌ఫ్లష్ టిక్ పెట్టేసి, ఏది దానికి సరిపోతుందో, ఏది సరిపోదో విడిగా ఎవరూ చూడలేదు. అందుకే దీన్ని మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణతో రాస్తున్నాను. ఇది ఎస్ఏపీ ప్రొడక్షన్ ఆర్డర్ల గురించి. వేరే సిస్టమ్ వాడేవాళ్లకి స్క్రీన్లు వేరు, లెక్క మాత్రం ఇదే.

సిద్ధాంతం ఒక్క ముక్కలో చెప్తాను. బ్యాక్‌ఫ్లష్ అంటే ఆపరేటర్ కన్ఫర్మేషన్‌లో ఎన్ని పీసులు అయ్యాయో చెప్తే, సిస్టమ్ ఒక్కో పీసుకి ఏది ఎంత పడుతుందో చెప్పే బీఓఎం చూసి "అయితే ఇంత మెటీరియల్ ఖర్చై ఉంటుంది" అని, ఆర్డర్‌కి మెటీరియల్ ఇష్యూ చేసే 261 మూవ్‌మెంట్ తనే వేసుకోవడం. అక్కడ ఎవరూ తూచలేదు, ఎవరూ లెక్కపెట్టలేదు. అది అంచనా. ఈ మాట గుర్తుంటే కింద చెప్పేదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ముందు చేతిలో ఉండాల్సినవి

- మీరు మార్చబోయే ప్రొడక్ట్ బీఓఎం, ఆపరేషన్ల వరస ఉండే రూటింగ్. కాగితం మీద ఉన్నవి కాదు, సిస్టమ్‌లో ఉన్నవి.
- `MM02`, `CA02`, `CO02`, `CO11N`, `MIGO`, `COGI`లకు ఆథరైజేషన్. కనీసం అవి ఉన్న మనిషి పక్కన ఉండాలి.
- షాప్ ఫ్లోర్‌కి ఒక స్టోరేజ్ లొకేషన్. మెయిన్ స్టోర్స్ నుంచే నేరుగా బ్యాక్‌ఫ్లష్ చేయిస్తే తేడా ఎక్కడ వచ్చిందో తర్వాత ఎవరికీ దొరకదు.
- ఫ్లోర్ మీద ఒక షిఫ్ట్ పాటు నిజంగా తూచి, లెక్కపెట్టి రాసుకున్న వాడకం. ఇది లేకుండా మొదలుపెట్టకండి.

మన ఉదాహరణ

ఎలక్ట్రిక్ మోటర్ ఒకటి అనుకుందాం. ఆర్డర్ 400 మోటర్లకి. ఆపరేషన్ 10 వైండింగ్, ఆపరేషన్ 20 అసెంబ్లీ. ఒక్కో మోటర్‌కి రాగి తీగ 1.8 కిలోలు, కేసింగ్ 1, బోల్టులు 8. తీగ రీళ్లుగా వస్తుంది, ఒక్కో రీలు ఒక్కో బ్యాచ్. ఒక షిఫ్ట్‌లో వైండింగ్ దగ్గర 150 మంచివి వచ్చాయి, 6 స్క్రాప్ అయ్యాయి.

1. కాంపొనెంట్లు ఏ ఆపరేషన్‌కి తగిలి ఉన్నాయో ముందు చూడండి

అందరూ దాటేసే మెట్టు ఇదే, అసలు నష్టం కూడా ఇక్కడే మొదలవుతుంది. రూటింగ్‌లో ఎవరూ కాంపొనెంట్ అలొకేషన్ చేయకపోతే బీఓఎంలో ఉన్నవన్నీ మొదటి ఆపరేషన్‌కి వెళ్లి కూర్చుంటాయి. మన మోటర్‌లో అయితే తీగ, కేసింగ్, బోల్టులు మూడూ ఆపరేషన్ 10కే. బ్యాక్‌ఫ్లష్ మంచి పీసులకీ స్క్రాప్‌కీ కలిపి లెక్క వేస్తుంది కాబట్టి, వైండింగ్ కన్ఫర్మ్ చేయగానే ఇలా జరుగుతుంది:

```
తీగ     : (150 + 6) × 1.8 = 280.8 kg
కేసింగ్  : (150 + 6) × 1   = 156
బోల్టులు : (150 + 6) × 8   = 1248
```

ఇప్పుడు ఫ్లోర్ మీదకి వెళ్లి చూడండి. ఆ 6 మోటర్లు వైండింగ్ దగ్గరే పోయాయి, వాటికి కేసింగ్ ఎవరూ తొడగలేదు, బోల్టు ఎవరూ బిగించలేదు. అంటే 6 కేసింగులు, 48 బోల్టులు ర్యాక్ మీదే ఉన్నాయి, సిస్టమ్‌లో మాత్రం ఖర్చయిపోయాయి. ఒక్క షిఫ్ట్‌కే ఇంత. ఇలా కొన్ని వారాలు గడిస్తే కేసింగ్ ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది, సిస్టమ్ స్టాక్ లేదంటుంది.

సరిచేయడానికి `CA02`లో రూటింగ్ తెరిచి, కాంపొనెంట్ అలొకేషన్ స్క్రీన్‌లో తీగను 10కి, కేసింగ్‌నూ బోల్టులనూ 20కి తగిలించండి. అప్పుడు ఆపరేషన్ 20లో 150 కన్ఫర్మ్ చేసినప్పుడే 150 కేసింగులు, 1200 బోల్టులు పడతాయి. ఈ ఒక్క పని చేసి, మిగతా గైడ్ ఇంకా చదవకుండానే తమ `COGI` సగానికి తగ్గిందని చెప్పినవాళ్లు నాకు తెలుసు.

2. ఏది బ్యాక్‌ఫ్లష్, ఏది మాన్యువల్ అని ఒక్కో మెటీరియల్‌కీ నిర్ణయించండి

మొత్తం ప్లాంట్‌కి ఒకే నిర్ణయం పెట్టకండి. నేను ఒక్కో కాంపొనెంట్‌కీ వేసుకునే ప్రశ్నలు ఇవి, ఈ వరసలోనే.

లెక్కపెట్టగలిగేదా, ఒక్కో పీసుకీ ఎప్పుడూ అంతే పడుతుందా? బోల్టు, కేసింగ్, లేబుల్ లాంటివి ఇలాంటివే. వీటికి బ్యాక్‌ఫ్లష్ చక్కగా సరిపోతుంది. ప్రతి బోల్టుకీ మనిషిని పెట్టి ఇష్యూ చేయించడం వృథా, పైగా అలా చేయిస్తే విసుగొచ్చి తప్పులే ఎక్కువ కొడతారు.

వాడకం మారుతూ ఉంటుందా? మన తీగనే చూడండి. సిస్టమ్ 280.8 కిలోలు అంది. తూచి చూస్తే నిజంగా పోయింది 301.5 కిలోలు. తేడా 20.7 కిలోలు. ఇక్కడ తొందరపడి మాన్యువల్‌కి వెళ్లిపోకండి, ఇంకో నాలుగైదు షిఫ్టులు తూచండి. ప్రతిసారీ దాదాపు 7 శాతమే ఎక్కువ పోతుంటే అది బీఓఎంలో తప్పు. కాంపొనెంట్ స్క్రాప్ శాతం సరిచేస్తే చాలు, బ్యాక్‌ఫ్లష్‌లోనే ఉంచవచ్చు. ఒక షిఫ్ట్‌లో 1 శాతం, ఇంకో షిఫ్ట్‌లో 11 శాతం అన్నట్టు ఊగుతుంటే మాత్రం ఏ శాతం పెట్టినా కుదరదు, దాన్ని చేత్తో ఇష్యూ చేయాల్సిందే.

ఏ బ్యాచ్ ఏ ఆర్డర్‌లోకి వెళ్లిందో తర్వాత ఎవరైనా అడుగుతారా? అడిగేట్టయితే మాన్యువలే. బ్యాచ్ డిటర్మినేషన్ పెట్టి బ్యాక్‌ఫ్లష్ చేయించవచ్చు, సాంకేతికంగా అది పని చేస్తుంది. కాకపోతే సిస్టమ్ తన నియమం ప్రకారం పాత బ్యాచ్‌ను ఎంచుకుంటుంది, ఫ్లోర్ మీద మనిషి చేతికందిన రీలు ఎక్కిస్తాడు. రికార్డు శుభ్రంగా కనిపిస్తుంది, కానీ అది నిజం కాదు. ఒక రీలులో లోపం బయటపడి, ఆ తీగ ఉన్న మోటర్లను వెనక్కి పిలవాల్సి వస్తే, మీరు మంచి మోటర్లను పిలిచి చెడ్డవాటిని వదిలేస్తారు. ఈ విషయంలో నేను రాజీ పడను.

ఇంకొకటి, మెటీరియల్ ఫ్లోర్ మీదకి వెళ్లడానికీ కన్ఫర్మేషన్‌కీ మధ్య ఎన్ని రోజులు? ఒకే షిఫ్ట్ అయితే పర్వాలేదు. రెండు మూడు వారాలు పట్టే ఆర్డర్ అయితే, అన్ని రోజులూ వాడేసిన మెటీరియల్ స్టాక్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది. మధ్యలో స్టాక్ లెక్కింపు వస్తే టెన్షన్ మొత్తం స్టోర్స్ వాళ్లకే. ఇలాంటి ఆర్డర్లలో ఖరీదైన కాంపొనెంట్‌ను ఇచ్చిన రోజే ఇష్యూ చేయండి.

మన మోటర్‌లో తీర్పు ఇది: కేసింగ్, బోల్టులు బ్యాక్‌ఫ్లష్. తీగ మాన్యువల్.

3. సెట్టింగ్ పెట్టండి

మూడు చోట్ల పెట్టవచ్చు, గందరగోళం వచ్చేదీ అందుకే.

- `MM02`లో MRP 2 వ్యూ, `Backflush` ఫీల్డ్. అక్కడ `1` పెడితే ఎప్పుడూ బ్యాక్‌ఫ్లష్. `2` పెడితే వర్క్ సెంటర్ నిర్ణయిస్తుంది. ఖాళీ వదిలేస్తే ఇక్కడి నుంచి బ్యాక్‌ఫ్లష్ రాదు.
- వర్క్ సెంటర్‌లో ఉన్న టిక్. మెటీరియల్‌లో `2` ఉన్నప్పుడే దీనికి విలువ.
- రూటింగ్ కాంపొనెంట్ అలొకేషన్‌లో ఉన్న టిక్. ఇది పెడితే మెటీరియల్ మాస్టర్‌లో ఖాళీ ఉన్నా బ్యాక్‌ఫ్లష్ అవుతుంది.

ఒక్క చోటే పెట్టుకోండి. నేనైతే మెటీరియల్ మాస్టర్‌లో పెడతాను, ఎక్కడ వెతకాలో అందరికీ తెలుస్తుంది కాబట్టి. తీగకి మాస్టర్‌లో ఖాళీ చేసి, రూటింగ్‌లో ఎప్పుడో ఎవరో పెట్టిన టిక్ తీయడం మర్చిపోతే అది బ్యాక్‌ఫ్లష్ అవుతూనే ఉంటుంది, మీరేమో మాస్టర్ చూసి తల పట్టుకుంటారు.

అదే MRP 2 వ్యూలో ప్రొడక్షన్ స్టోరేజ్ లొకేషన్ కూడా నింపండి. ఆర్డర్ కాంపొనెంట్ లైన్‌లో లొకేషన్ లేకపోతే బ్యాక్‌ఫ్లష్‌కి ఎక్కడి నుంచి తీయాలో తెలియదు, లైన్ నేరుగా `COGI`కి పోతుంది.

హెచ్చరిక: ఈ మార్పులు కొత్త ఆర్డర్లకే వస్తాయి. ఇప్పటికే ఉన్న ఆర్డర్లలో పాత టిక్ కాపీ అయి కూర్చుని ఉంటుంది. వాటిని `CO02`లో కాంపొనెంట్ ఓవర్‌వ్యూ తెరిచి ఒక్కొక్కటీ మార్చాలి. సగం కన్ఫర్మ్ అయిన ఆర్డర్‌లో మాత్రం పద్ధతి మార్చకండి, దాన్ని పాత పద్ధతిలోనే పూర్తి కానివ్వండి. ఒకే ఆర్డర్‌లో సగం అంచనా, సగం తూకం కలిస్తే ఆ లెక్క ఎవరూ విప్పలేరు.

4. మాన్యువల్ కాంపొనెంట్‌ను పని మొదలవకముందే ఇష్యూ చేయండి

`MIGO`లో `A07` గూడ్స్ ఇష్యూ, `R08` ఆర్డర్ ఎంచుకుని ఆర్డర్ నంబర్ ఇవ్వండి. ఆర్డర్ రిజర్వేషన్ లైన్లు వస్తాయి. తీగ లైన్‌లో బ్యాచ్, తూచిన బరువు కొట్టండి. మన షిఫ్ట్‌లో మూడు రీళ్లు ఇచ్చారు: 105.2, 104.6, 106.1 కిలోలు. మొత్తం 315.9. షిఫ్ట్ చివర మూడో రీలులో 14.4 కిలోలు మిగిలింది. దాన్ని అదే బ్యాచ్ నంబర్‌తో 262 వేసి వెనక్కి తీసుకున్నారు. ఆర్డర్ మీద నికరంగా 301.5. ఇదే నిజమైన ఖర్చు. అదే రీలు మర్నాడు అదే ఆర్డర్‌కి వాడేటట్టయితే తిరిగి తీసుకోకుండా వదిలేయవచ్చు. ఆర్డర్ మారుతుంటే మాత్రం తప్పకుండా వెనక్కి వేయండి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. ఆర్డర్ రెఫరెన్స్‌తో లైన్లు తెచ్చుకోవడం బద్ధకమై, `R10` పెట్టి, 261 అని కొట్టి, మెటీరియల్ నంబరూ ఆర్డర్ నంబరూ చేత్తో టైప్ చేస్తారు. ఖర్చు ఆర్డర్ మీద పడుతుంది కాబట్టి అంతా బాగానే ఉందనిపిస్తుంది. కానీ రిజర్వేషన్‌తో ముడి పడలేదు, అది తెరిచే ఉంది. ఆ కాంపొనెంట్‌కి బ్యాక్‌ఫ్లష్ టిక్ కూడా ఉంటే కన్ఫర్మేషన్ అప్పుడు అదే మెటీరియల్ రెండోసారి పడుతుంది. టిక్ లేకపోయినా, ఇంకా ఇవ్వాల్సి ఉందనుకుని, ఏ మెటీరియల్ ఎంత కావాలో లెక్కేసే ఎంఆర్‌పీ దానికి మళ్లీ స్టాక్ కట్టిపెడుతుంది.

5. కన్ఫర్మేషన్ ఇవ్వండి, సేవ్ కొట్టే ముందు గూడ్స్ మూవ్‌మెంట్స్ తెరవండి

`CO11N`లో ఆర్డర్, ఆపరేషన్, మంచివి, స్క్రాప్ కొట్టి, సేవ్ ముందు గూడ్స్ మూవ్‌మెంట్స్ బటన్ నొక్కండి. సిస్టమ్ ఏం పోస్ట్ చేయబోతోందో అక్కడ కనిపిస్తుంది. ఆపరేషన్ 10 దగ్గర తీగ కనిపించకూడదు. ఆపరేషన్ 20 దగ్గర కేసింగ్ 150, బోల్టులు 1200 కనిపించాలి. తేడా ఉంటే సేవ్ చేయకండి, వెనక్కి వెళ్లి మెట్టు 1, మెట్టు 3 చూడండి.

ఈ స్క్రీన్‌లోనే పరిమాణం మార్చే వీలుంది, అందుకని కొందరు "బ్యాక్‌ఫ్లష్‌లోనే ఉంచి ఇక్కడ నిజమైన బరువు కొడతాం" అంటారు. ఒకరిద్దరు జాగ్రత్తగల మనుషులే కన్ఫర్మేషన్ ఇచ్చే చోట ఇది మంచి మధ్యేమార్గం. షిఫ్ట్ చివర ఇంటికి బయల్దేరే హడావిడిలో నలభై కన్ఫర్మేషన్లు కొట్టే చోట ఎవరూ ఆ స్క్రీన్ తెరవరు, వదిలేయండి.

పరిమాణం తప్పు కొట్టి సేవ్ చేసేస్తే `CO13`తో ఆ కన్ఫర్మేషన్‌నే రద్దు చేయండి. మెటీరియల్ కూడా దానితోపాటే వెనక్కి వస్తుంది. కన్ఫర్మేషన్‌ని అలాగే ఉంచి `MIGO`లో 262 ఒక్కటే వేస్తే మెటీరియల్ సరిపోతుంది, పీసుల లెక్కా గంటల లెక్కా తప్పుగానే మిగిలిపోతాయి.

6. `COGI`ని రోజూ ఖాళీ చేయండి, కానీ డిలీట్ చేసి కాదు

మామూలు సెట్టింగ్‌లో స్టాక్ చాలకపోయినా కన్ఫర్మేషన్ సేవ్ అయిపోతుంది, పోస్ట్ కాని లైన్ `COGI`లో ఆగుతుంది. ఆపరేటర్‌కి అంతా అయిపోయినట్టే అనిపిస్తుంది. మీకు ఎక్కువగా కనిపించే మెసేజ్ ఇలా ఉంటుంది:

```
Deficit of SL Unrestricted-use
```

ఈ మెసేజ్ చూడగానే ఫ్లోర్‌కి నడవండి. మెటీరియల్ నిజంగా వచ్చి, స్టోర్స్ నుంచి ఫ్లోర్ లొకేషన్‌కి 311 ట్రాన్స్‌ఫర్ వేయడం మర్చిపోయి ఉంటే, ఆ ట్రాన్స్‌ఫర్ వేసి `COGI`లో లైన్ మళ్లీ పోస్ట్ చేయండి, అంతే. మెటీరియల్ కళ్లెదురుగా ఉండి, ట్రాన్స్‌ఫర్ కూడా సరిగ్గా పడి ఉంటే, ఇంతకుముందు ఎక్కడో ఎక్కువ ఖర్చు పడింది. మన 6 కేసింగుల కథ అదే. అప్పుడు కారణం పట్టుకోకుండా స్టాక్ సర్దుబాటు వేస్తే వచ్చే వారం అదే లైన్ మళ్లీ వస్తుంది.

నేను చూసిన ఒక ప్లాంట్‌లో నెలాఖరున లిస్టు పొడవు చూసి భయపడి, `COGI` లైన్లన్నీ ఎంచుకుని డిలీట్ కొట్టేశారు. స్క్రీన్ ఖాళీ అయింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఆ లైన్లన్నీ నిజంగా వాడేసిన మెటీరియల్, ఖర్చు మాత్రం ఏ ఆర్డర్ మీదా పడలేదు. ఆర్డర్లు చాలా చవగ్గా తయారైనట్టు కనిపించాయి, స్టాక్ ఉన్నదానికంటే ఎక్కువ కనిపించింది. తర్వాతి లెక్కింపులో ఆ తేడా మొత్తం ఒక్కసారిగా బయటపడింది, అప్పటికి ఏది ఏ ఆర్డర్‌దో చెప్పగలిగినవాళ్లు లేరు. ఒక లైన్ నిజంగానే తప్పని, ఆ మెటీరియల్ వాడలేదని ఫ్లోర్ మీద చూసి నిర్ధారించుకున్నాకే డిలీట్ చేయండి.

నెల దాటనివ్వకండి కూడా. పాత తేదీతో ఆగిపోయిన లైన్ పీరియడ్ మూసేశాక పోస్ట్ కాదు. తేదీ మార్చి పోస్ట్ చేస్తే పోయిన నెల ఖర్చు ఈ నెలలోకి వస్తుంది, దానికి అకౌంట్స్ వాళ్లకి మీరే సమాధానం చెప్పాలి.

7. సరిగ్గా పడిందో లేదో చూసుకోండి

`COGI` ఖాళీగా ఉందంటే అన్నీ సరిగ్గా ఉన్నాయని కాదు. ఎక్కువగా తీస్తే స్టాక్ చాలక `COGI`లో పడుతుంది. తక్కువగా తీస్తే ఏ మెసేజూ రాదు. తీగను బ్యాక్‌ఫ్లష్‌లోనే వదిలేశాం అనుకోండి, షిఫ్ట్‌కి 20.7 కిలోల చొప్పున 10 షిఫ్టుల్లో 207 కిలోలు సిస్టమ్‌లో మాత్రమే ఉండే తీగ పోగవుతుంది. ఎంఆర్‌పీ దాన్ని చూసి కొత్త తీగకి ఆర్డర్ పెట్టదు. ఎర్రర్ ఒక్కటీ లేకుండా లైన్ ఆగిపోతుంది. అందుకే కింది మూడూ చూడాలి.

- `CO03`లో కాంపొనెంట్ లైన్ తెరిచి, కావలసిన పరిమాణం, తీసిన పరిమాణం పక్కపక్కన పెట్టి చూడండి. మాన్యువల్ కాంపొనెంట్ తీసింది సున్నా ఉండి, పీసులు మాత్రం కన్ఫర్మ్ అయి ఉంటే ఎవరో ఇష్యూ మర్చిపోయారు. మాన్యువల్ పద్ధతి బలహీనత ఇదొక్కటే, మర్చిపోతే గుర్తుచేసేవాళ్లు ఉండరు. ఆర్డర్ అయిపోయిందని టెకో వేసే ముందు ఇది తప్పనిసరిగా చూడండి.
- `MB51`లో ఆర్డర్ నంబర్, 261, 262 పెట్టి చూడండి. ఒకే కాంపొనెంట్‌కి ఒకటి స్టోర్స్ యూజర్ పేరుతో, ఇంకొకటి కన్ఫర్మేషన్ ఇచ్చిన యూజర్ పేరుతో కనిపిస్తే రెండుసార్లు పడిందేమో అనుమానించండి.
- బ్యాక్‌ఫ్లష్ కాంపొనెంట్లలో ఖరీదైనవి ఐదు ఎంచుకుని, వారానికి ఒకసారి ఫ్లోర్ లొకేషన్‌లో లెక్కపెట్టండి. సిస్టమ్ కంటే ఫ్లోర్ మీద తక్కువ ఉంటే బీఓఎం తక్కువ చెప్తోంది, లేదా స్క్రాప్ కన్ఫర్మ్ చేయడం లేదు. ఎక్కువ ఉంటే ఆపరేషన్ అలొకేషన్ చూడండి.

స్క్రాప్ గురించి ఒక మాట. కొన్ని చోట్ల స్క్రాప్ చూపిస్తే మాట పడాల్సి వస్తుందని ఆపరేటర్లు 150 మాత్రమే కొడతారు, 6 దాచేస్తారు. అప్పుడు ఎంత మంచి బీఓఎం ఉన్నా బ్యాక్‌ఫ్లష్ ఆ 6 మోటర్ల తీగను ఖర్చు చూపదు. అలాంటి చోట, ఆ అలవాటు మారేదాకా ఖరీదైన మెటీరియల్‌ను తూచి ఇష్యూ చేయడమే క్షేమం. ఇచ్చిన 315.9, వెనక్కి వచ్చిన 14.4 ఎవరూ దాచలేరు కాబట్టి, దాచిన స్క్రాప్ తీగ తేడాలో కనిపిస్తుంది.